చదువుతూ చదువుతూ ఆగిపోయిన చోట

ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకాల్లో కనిపించే తరహా పేరా ఒకటి సొంతంగా రాసి ఇక్కడ ఇస్తున్నాను. నిదానంగా చదవండి.

'చల్లబడుతున్న కొద్దీ ద్రవాలు సంకోచిస్తాయి. నీరు కూడా 4 డిగ్రీల సెల్సియస్ వరకు అలాగే సంకోచిస్తుంది. అక్కడి నుంచి అది వ్యాకోచించడం మొదలుపెడుతుంది. అందువల్లనే శీతల దేశాల్లో సరస్సుల ఉపరితలం గడ్డకట్టినా అడుగున చేపలు జీవించగలుగుతాయి. గడ్డకట్టిన పొర కింది నీటిని చలి నుంచి కాపాడుతుంది.'

ఉన్నవి ఐదే వాక్యాలు. సంకోచం, వ్యాకోచం అనే మాటలు పిల్లలకు అంతకుముందే పరిచయం. తరగతిలో ఎవరినైనా లేపి చదవమంటే తడుముకోకుండా చదివేస్తారు. "అర్థమైందా?" అని అడిగితే అందరూ ఒక్క గొంతుతో "అయ్యింది టీచర్" అంటారు. పైన గడ్డకట్టినా చేపలు ఎందుకు బతుకుతాయని అడిగితే, "నీరు 4 డిగ్రీల నుంచి వ్యాకోచిస్తుంది కాబట్టి" అని పేరాలోని మాటనే తిరిగి చెబుతారు. ఆ జవాబుకు మార్కు కూడా పడుతుంది. అయితే నీరు వ్యాకోచిస్తే చేప ప్రాణానికి ఏమిటి సంబంధం? ఆ ప్రశ్న తరగతిలో ఎవరికీ తట్టదు. అర్థం కాలేదన్న సంగతే వాళ్లకు తెలియలేదు.

బాగా చదవగలిగిన పెద్దవాళ్లు ఇదే పేరా చదివితే మూడో వాక్యం దగ్గరో నాలుగో వాక్యం దగ్గరో చూపు ఒక్క క్షణం ఆగుతుంది. వెనక్కి వెళుతుంది, మళ్లీ ముందుకొస్తుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో, పెదవి కదలకుండా జరిగిపోతుంది. పక్కన కూర్చున్న పిల్లవాడికి కనిపించేదల్లా పుస్తకం పట్టుకుని కదలకుండా కూర్చున్న మనిషి. దర్జీ పక్కన పనికి కుదిరిన కుర్రాడికి గురువు కత్తెర ఎక్కడ ఆపాడో, గుడ్డ ఎటు తిప్పాడో కంటికి కనిపిస్తాయి. చదువరి పక్కన కూర్చున్నవాడికి ఆ అవకాశం లేదు. ఆ లోపలి పనిని బయటపెట్టే బోధన పద్ధతినే థింక్ అలౌడ్ అంటున్నారు. టీచరు ఒక పేరాను పైకి చదువుతూ, తనకు ఎక్కడ తికమక కలిగిందో, దాన్ని ఎలా విడదీసుకుంటున్నదో ఆ క్షణంలోనే పైకి చెబుతుంది. పిల్లలు వింటారు. 1983లో బెత్ డేవీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఈ పద్ధతిని టీచర్ల కోసం ఒక వ్యాసంలో విడమరిచి రాశారు. ముందు ఏం రాబోతుందో ఊహించడం, చదివినదాన్ని మనసులో బొమ్మ కట్టుకోవడం, తెలిసినదానితో పోల్చుకోవడం, అర్థం కాని చోటును గుర్తించి చెప్పడం, దాన్ని సరిచేసుకోవడం, ఈ ఐదూ టీచరు పైకి చేసి చూపించాలన్నారు. మన బళ్లలో అన్నిటికన్నా తక్కువ కనిపించేవి చివరి రెండూ. అందుకే ఈ వ్యాసం వాటి గురించే.

తనకు అర్థం కాలేదని పిల్లలకు తెలియకపోవడం మందబుద్ధి లక్షణమేమీ కాదు. ఎలెన్ మార్క్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో దీన్ని చక్కగా పట్టుకున్నారు. ఆమె పిల్లలకు చిన్న చిన్న వ్యాసాలు ఇచ్చి, ఇవి పిల్లల కోసం రాసినవి, ఇందులో ఎక్కడైనా అర్థం కాకుండా ఉందేమో చూసి పెట్టమని అడిగారు. ఒక వ్యాసం చేపల గురించే. చూడాలంటే చేపకు వెలుతురు కావాలని అందులో ఉంటుంది. సముద్రం అట్టడుగున ఏమాత్రం వెలుతురు ఉండదని కూడా ఉంటుంది. అక్కడ ఉండే కొన్ని చేపలు తమ ఆహారాన్ని దాని రంగును బట్టి గుర్తుపడతాయని ఆ వెంటనే ఉంటుంది. ఈ మూడూ పొసగవు. అయినా చాలామంది పిల్లలు, పన్నెండేళ్లవాళ్లతో సహా, అంతా బాగానే ఉంది, అర్థమైంది అన్నారు. వాళ్లు ప్రతి వాక్యాన్నీ విడిగా అర్థం చేసుకున్నారు. ఒక వాక్యం పక్కన ఇంకో వాక్యాన్ని పెట్టి, రెండూ కలుస్తున్నాయా అని చూసుకోలేదు. ఇందులో ఎక్కడో ఒక పొరపాటు ఉంది, వెతకండి అని ముందే చెప్పినప్పుడు పెద్ద తరగతుల పిల్లలు మెరుగ్గా పట్టుకున్నారు. అంటే పోల్చి చూసే శక్తి వాళ్లలో ఉంది. చదివేటప్పుడు ఆ పని చేయాలన్న అలవాటే లేదు.

సరిగ్గా ఆ పోల్చి చూసుకోవడాన్నే పిల్లల ముందు చేసి చూపించాలి. ఇప్పుడు మొదటి పేరాకు వెళదాం. బోర్డు మీద పేరా మొత్తం రాసి ఉందనుకోండి, పిల్లల దగ్గర పుస్తకాలూ తెరిచి ఉన్నాయి. టీచరు వేలు వాక్యాల కింద కదులుతుంటుంది. పుస్తకంలోని మాటలు చదివేటప్పుడు ఆమె చూపు పుస్తకం మీదే ఉంటుంది. సొంత ఆలోచన చెప్పేటప్పుడు తల ఎత్తి, గొంతు కొంచెం తగ్గించి మాట్లాడుతుంది. ఈ తేడా పాటించకపోతే పుస్తకం మాట ఏదో టీచరు మాట ఏదో పిల్లలకు తెలియదు.

"'చల్లబడుతున్న కొద్దీ ద్రవాలు సంకోచిస్తాయి.' సరే. చల్లబడితే ముడుచుకుంటాయి, తక్కువ చోటు సరిపోతుంది. 'నీరు కూడా 4 డిగ్రీల సెల్సియస్ వరకు అలాగే సంకోచిస్తుంది.' ఈ 'వరకు' అన్న మాట చూస్తే, 4 డిగ్రీల తర్వాత కథ మారబోతోందని అనిపిస్తోంది. 'అక్కడి నుంచి అది వ్యాకోచించడం మొదలుపెడుతుంది.' అది అంటే నీరే. అక్కడి నుంచి అంటే 4 డిగ్రీల నుంచి. ఎటు? పైకా, కిందికా? వేడెక్కితే ఏదైనా వ్యాకోచిస్తుందని చదువుకున్నాను కదా, కాబట్టి 4 డిగ్రీల నుంచి వేడి చేస్తే వ్యాకోచిస్తుందని చెబుతున్నట్టుంది. అంత గట్టిగా చెప్పలేను. ప్రస్తుతానికి అలా అనుకుని ముందుకు వెళతాను."

ఇక్కడ ఆమె పెన్సిలుతో పేరా పక్కన చిన్న ప్రశ్నార్థకం పెడుతుంది. ఆమె ఊహ తప్పు. అయినా ఆమె దాన్ని దాచడం లేదు, వెంటనే దిద్దుకోవడమూ లేదు.

"'అందువల్లనే శీతల దేశాల్లో సరస్సుల ఉపరితలం గడ్డకట్టినా అడుగున చేపలు జీవించగలుగుతాయి.' ఆగండి. అందువల్లనే అంటున్నారు. దేనివల్ల? ముందు వాక్యం వల్ల. ముందు వాక్యాన్ని నేను వేడెక్కడం గురించి అనుకున్నాను. ఇక్కడేమో గడ్డకట్టడం గురించి చెబుతున్నారు. రెండూ అతకడం లేదు. నేను ఎక్కడో తప్పు దారి పట్టాను. వెనక్కి వెళతాను. మొదటి వాక్యం, 'చల్లబడుతున్న కొద్దీ'. రెండోది, 'అలాగే'. అంటే ఈ పేరా మొదటి నుంచీ చల్లబడుతున్న నీటి గురించే మాట్లాడుతోంది. మధ్యలో వేడి అన్న మాటే రాలేదు, దాన్ని నేనే తెచ్చిపెట్టాను. అయితే 'అక్కడి నుంచి' అంటే, 4 డిగ్రీల కంటే ఇంకా చల్లబడితే అని. ఇంకా చల్లబడితే నీరు ముడుచుకోవడం మానేసి వ్యాకోచిస్తుంది. వింతగా ఉంది, కానీ వాక్యాలు ఇప్పుడు ఒకదానికొకటి అతుకుతున్నాయి."

ఒక ముడి విడింది, ఇంకొకటి ఉంది. చాలామంది టీచర్లు ఇక్కడికే ఆపేస్తారు. ఈమె ఆపలేదు.

"ఇంకా ఒక చోట పట్టు దొరకలేదు. నీరు వ్యాకోచిస్తే చేపలు బతకడమేమిటి? మధ్యలో ఒక మెట్టు పుస్తకం చెప్పలేదు. నేనే వేసుకోవాలి. వ్యాకోచిస్తే ఏమవుతుంది? అంతే నీరు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంటే అదే గిన్నెడు నీళ్లు తూస్తే తక్కువ తూగుతాయి. తేలికైంది ఎక్కడ ఉంటుంది? పైన. కాబట్టి 4 డిగ్రీల కన్నా చల్లబడిన నీరు పైకి చేరుతుంది, అక్కడే గడ్డకడుతుంది. అన్నిటికన్నా బరువైన నీరు, అంటే 4 డిగ్రీల దగ్గరున్నది, అడుగుకు దిగుతుంది. అందుకే అడుగున గడ్డకట్టని నీరు మిగులుతుంది, చేపలు అక్కడే ఉంటాయి. నేను వేసుకున్న ఈ మెట్టు సరైనదేనా? గ్లాసులో ఐసు ముక్క తేలుతుంది. అంటే గడ్డకట్టిన నీరు తేలికే. పుస్తకం కూడా గడ్డకట్టిన పొర ఉపరితలం మీదే ఉందంటోంది. సరిపోయింది."

చివరి వాక్యం దగ్గర ఆమె ఇంకో ప్రశ్నార్థకం పెడుతుంది. "'గడ్డకట్టిన పొర కింది నీటిని చలి నుంచి కాపాడుతుంది.' చల్లటి మంచు చలి నుంచి కాపాడటమేమిటి? దీనికి జవాబు ఈ పేరాలో ఎక్కడా కనిపించడం లేదు. ముందు పేజీలో ఉందేమో చూస్తాను, లేకపోతే అడుగుతాను. ప్రస్తుతానికి గుర్తు పెట్టుకుని వెళుతున్నాను." మంచు వేడిని అంత తేలిగ్గా దాటనివ్వదు కాబట్టి అడుగునున్న నీటి వెచ్చదనం పైకి పోదన్న సంగతి టీచరుకు తెలుసు. అయినా పేరాలో దానికి ఆధారం లేదు కాబట్టి ఇప్పుడు చెప్పడం లేదు. పాఠం చెప్పేటప్పుడు చెబుతుంది.

ఇదంతా ఐదారు నిమిషాల పని. ఇందులో ఆమె తికమకను ఎన్ని రకాలుగా ఎదుర్కొందో చూడండి. మొదట ఒక ఊహ చేసి ముందుకు వెళ్లింది. అది అతకకపోయేసరికి వెనక్కి వచ్చి చదివింది. పుస్తకం చెప్పని మెట్టును తనే వేసుకుని, అది సరైనదో కాదో పరీక్షించుకుంది. ఆఖరికి తేలని ప్రశ్నను గుర్తు పెట్టుకుని వదిలేసింది. 1980ల మొదట్లో అలన్ కాలిన్స్, ఎడ్వర్డ్ స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ మార్గాలను ఒక వరుసలో పెట్టారు. చదువు సాగడానికి ఏది తక్కువ ఆటంకమో దాన్ని ముందు ప్రయత్నించాలన్నది వాళ్ల ఆలోచన. అర్థం కాని మాట అంత ముఖ్యం కాదనిపిస్తే పట్టించుకోకుండా సాగిపోవడం మొదటిది. ముందు తేలుతుందిలే అని నిర్ణయాన్ని వాయిదా వేయడం ఆ తర్వాతిది. దాని తర్వాత ఒక తాత్కాలిక ఊహ చేసుకోవడం. అదీ కుదరకపోతే ఆ వాక్యాన్నే మళ్లీ చదవడం, తర్వాత అంతకుముందు చదివినదానికి వెళ్లడం, చిట్టచివరికి నిఘంటువునో టీచరునో ఆశ్రయించడం. మన తరగతుల్లో ఈ వరుస తలకిందులుగా నడుస్తోంది. పిల్లవాడికి అర్థం కాని మాట తగలగానే తల ఎత్తి టీచరు వైపు చూస్తాడు, టీచరు వెంటనే అర్థం చెప్పేస్తుంది. చిట్టచివరి మార్గమే మొదటిదైపోయింది, మధ్యలోవన్నీ వాడికి తెలియకుండానే పదో తరగతి దాటిపోతాడు.

కథల్లో ఈ పని వేరే రూపంలో వస్తుంది. తెలుగు వాక్యంలో కర్త చెప్పకపోయినా నడుస్తుంది. క్రియ చివర ఉన్న అక్షరమే మగా ఆడా, ఒకరా పలువురా అన్నది చెబుతుంది. ఇద్దరు మగవాళ్లు కథలో ఉన్నారంటే ఆ అక్షరం కూడా సాయపడదు. ఈ చిన్న పేరా చూడండి. 'వీరయ్య కొడుకును వెంటబెట్టుకుని మండలాఫీసుకు వెళ్లాడు. పట్టా కాగితం బల్ల మీద పెట్టాడు. సంతకం సరిపోలేదని గుమాస్తా అనగానే కోపంతో కాగితం లాక్కుని బయటికి వచ్చేశాడు. వెనక నుంచి తండ్రి పిలుస్తున్నా ఆగలేదు.'

మూడో వాక్యం దాకా ఎవరు చదివినా కాగితం లాక్కున్నది వీరయ్యే అనుకుంటారు. నాలుగో వాక్యంలో 'తండ్రి' అన్న మాట రాగానే ఆ బొమ్మ చెదిరిపోవాలి. వీరయ్యే తండ్రి. ఆయన వెనక ఉండి పిలుస్తున్నాడంటే బయటికి వచ్చింది కొడుకు. కోపం వచ్చిందీ, కాగితం లాక్కున్నదీ కొడుకే. టీచరు ఇక్కడ "ఓహో, వచ్చింది కొడుకా, నేను ఇంతసేపూ వీరయ్య అనుకుంటున్నాను, మూడో వాక్యం మళ్లీ చదువుతాను" అని, ఈసారి కొడుకును మనసులో పెట్టుకుని చదవాలి. తెలివైన పిల్లలు కూడా ఇక్కడ పాత బొమ్మను వదలరు. వీరయ్యకు ఇంకో తండ్రిని తెచ్చి పెడతారు, తాత కూడా వాళ్లతో వచ్చాడేమో అంటారు. ఒకసారి కట్టుకున్న అర్థాన్ని కాపాడుకోవడానికి పేరాలో లేని మనిషిని సృష్టిస్తారు. అలా చేశారంటే వాళ్లు తేడా గమనించారనే అర్థం, దిద్దుబాటు మాత్రం పుస్తకానికి చేస్తున్నారు. టీచరు తన ఊహను తనే కొట్టేసుకోవడం చూడకపోతే, ఊహను కొట్టేయవచ్చన్న సంగతి వాళ్లకు తట్టదు.

ఈ పద్ధతి వినడానికి తేలిక. ముందు రోజు కాస్త కూర్చోకపోతే తరగతిలో అది పాఠం వివరించడంగా మారిపోతుంది. టీచరు పేరాను ముందుగానే చదివి, పిల్లలు ఎక్కడ తప్పు దారి పట్టవచ్చో చూసుకోవాలి. పేరాకు రెండు చోట్లు చాలు, మహా అయితే మూడు. ప్రతి వాక్యానికీ ఆగితే అసలు విషయం తెగిపోతుంది, పిల్లలకు పేరా గుర్తుండదు, టీచరు మాటలే గుర్తుంటాయి. ఆగే చోట్లు నిజంగా చిక్కున్నవే అయి ఉండాలి. 'సరస్సు అంటే ఏమిటబ్బా' అని టీచరు నటిస్తే ఎనిమిదో తరగతి పిల్లలకు అది నటన అని అర్థమైపోతుంది, ఆ తర్వాత ఆమె నిజంగా ఆగినా నమ్మరు. మంచి టీచర్లకు దీనికో మార్గం తెలుసు. తాము మొదటిసారి చదివినప్పుడు ఎక్కడ ఆగారో అక్కడే పెన్సిలుతో గీత పెట్టుకుంటారు. తమకు ఏ తికమకా కలగని పేరా అయితే పై తరగతి పుస్తకం నుంచి ఇంకొకటి తీసుకుంటారు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు వేరే ఉంది. టీచరు తికమకను చూపిస్తుంది, వెంటనే తనకు ముందే తెలిసిన జవాబుతో దాన్ని తీర్చేస్తుంది. "ఇక్కడ నాకు అర్థం కాలేదు. ఆ, గుర్తొచ్చింది, నీటికి 4 డిగ్రీల దగ్గర సాంద్రత గరిష్ఠంగా ఉంటుంది, కాబట్టి..." అని సాగిపోతుంది. భౌతికశాస్త్రంలో ఇది తప్పు లేదు. పిల్లలు నేర్చుకున్నదేమిటి? టీచరుకు జవాబులు తెలుసు, మాకు తెలియవు అన్నది ఒక్కటే. ఆమె జవాబును ఎక్కడి నుంచి తెచ్చిందో వాళ్లకు కనిపించలేదు. పై ఉదాహరణలో టీచరు 'చల్లబడుతున్న కొద్దీ', 'అలాగే', 'అందువల్లనే' అనే మాటల మీద వేలు పెట్టి చూపించింది. ఆ మాటలు పిల్లల పుస్తకాల్లోనూ ఉన్నాయి. వాళ్లూ అక్కడ వేలు పెట్టగలరు. థింక్ అలౌడ్ సరిగ్గా జరిగిందో లేదో టీచరు తనకు తానుగా తెలుసుకోవడానికి ఇదే పరీక్ష. ప్రతి మలుపులోనూ తన వేలు పుస్తకంలో ఏ మాట మీద ఉందో చూసుకోవాలి. బయటి జ్ఞానం తెచ్చుకోక తప్పని చోట, గ్లాసులో ఐసు ముక్కలా, పిల్లలకూ తెలిసినదే తెచ్చుకోవాలి.

ఇంకో పొరపాటు, మధ్యలో ప్రశ్నలు వేయడం. 'అక్కడి నుంచి అంటే ఎక్కడి నుంచి? చెప్పండి' అని అడగగానే చేతులు లేస్తాయి, తరగతి హుషారుగా కనిపిస్తుంది. అయితే ఆ క్షణంలో అది చేసి చూపించడం మానేసి పరీక్షగా మారింది. డొలొరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు 1970ల చివర్లో అమెరికాలో నాలుగో తరగతి చదువు క్లాసులను గంటల తరబడి గమనించారు. ఎలా అర్థం చేసుకోవాలో నేర్పడానికి వెచ్చించిన సమయం మొత్తంలో ఒక శాతం కూడా లేదు. టీచర్లు అడుగుతున్నారు, పిల్లలు చెబుతున్నారు, తప్పయితే ఇంకొకరిని అడుగుతున్నారు. అర్థమైందా లేదా అని తేల్చుకోవడం తప్ప, అర్థం చేసుకునే పని ఎవరూ చూపించడం లేదు. మన బళ్లలో ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు కూడా పిల్లలు ఎంత చురుగ్గా జవాబులు చెబుతున్నారనే చూస్తారు. ఐదు నిమిషాలు పిల్లలు నోరు విప్పకుండా వింటుంటే, టీచరు ఒక్కతే తనలో తాను మాట్లాడుకుంటుంటే, అది పాఠంలా కనిపించదు. ఈ పద్ధతి మన దగ్గర నిలబడకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. ఆ ఐదు నిమిషాలు ప్రశ్నలు అడగకుండా ఉండే వెసులుబాటు టీచరుకు ఉండాలి.

ఆ తర్వాత పని పిల్లల చేతికి రావాలి, అదీ ఒక్కసారిగా కాదు. మొదట కొన్ని పేరాలు టీచరే చేస్తుంది. తర్వాతి పేరాలో మొదటి చిక్కు వరకు చేసి, రెండో చిక్కు దగ్గర ఆగి, "ఇక్కడ నేను ఆగాను. ఎందుకు ఆగి ఉంటానో చూడండి" అంటుంది. కారణం పిల్లలు వెతుకుతారు, తీర్చేది మాత్రం ఆమే. ఇంకొన్నాళ్లకు పిల్లలు జంటలుగా కూర్చుంటారు. ఒకరు చదువుతూ పైకి చెబుతుంటే, రెండోవాళ్లు పేరా పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకాలు పెడుతుంటారు. ఒక పేరా అయ్యాక తారుమారు అవుతారు. అరవైమంది ఉన్న తరగతిలో ఈ గోల భరించడం కష్టమే. ఒక్క పది నిమిషాలకు, వారానికి ఒకటి రెండుసార్లకు పరిమితం చేసుకుంటే సాధ్యమవుతుంది. ఆన్‌మేరీ పాలిన్‌సార్, ఆన్ బ్రౌన్ 1984లో ప్రచురించిన ప్రయోగంలో ఇలాంటి అప్పగింతే ఉంది. చదవడం వచ్చినా అర్థం చేసుకోలేకపోతున్న ఏడో తరగతి పిల్లలు చిన్న గుంపుల్లో కూర్చుని, వంతులవారీగా టీచరు స్థానంలోకి వచ్చి, ప్రశ్న అడగడం, సారం చెప్పడం, అర్థం కానిదాన్ని తేటపరచడం, రాబోయేదాన్ని ఊహించడం చేశారు. మొదటి రోజుల్లో వాళ్ల మాటల్లో పస లేదు. టీచరు ప్రతిసారీ తను చేసి చూపించి మళ్లీ వాళ్లకే వదిలేసింది. కొన్ని వారాలకు వాళ్ల ప్రశ్నలు టీచరు ప్రశ్నలకు దగ్గరగా వచ్చాయి.

ఈ పిల్లలకు నిజంగా పట్టుబడుతోందా, లేక టీచరు మాటలను అప్పజెబుతున్నారా? కొందరు పిల్లలు 'ఆగండి, నేను తప్పు దారి పట్టాను' అన్న వాక్యాన్ని ప్రతి పేరాలోనూ, ఏ తప్పూ లేని చోట కూడా చెబుతారు. అలా చెప్పినప్పుడు ఏ మాట దగ్గర తప్పావని అడిగితే చాలు, తెలిసిపోతుంది. అసలైన మార్పు వాళ్లు అడిగే సందేహాల్లో కనిపిస్తుంది. మొదట్లో పిల్లవాడు నోటు పుస్తకం పట్టుకొచ్చి "టీచర్, ఈ పాఠం అర్థం కాలేదు" అంటాడు. తర్వాత "ఈ పేరా అర్థం కాలేదు" అంటాడు. ఇంకొన్నాళ్లకు "'అందువల్లనే' అంటున్నారు కదా టీచర్, దేనివల్ల? ముందు వాక్యంలో ఆ కారణం లేదే" అంటాడు. సందేహం పాఠం నుంచి ఒక్క మాట మీదకు దిగివచ్చింది. పెన్సిలు గుర్తులూ అదే చెబుతాయి. మొదట్లో ప్రశ్నార్థకాలన్నీ కఠిన పదాల పక్కనే ఉంటాయి. తర్వాత 'అది', 'అందువల్ల', 'అయితే', 'అక్కడి నుంచి' లాంటి మామూలు మాటల పక్కకు జరుగుతాయి.

ఈ పద్ధతితో కాని పనులూ ఉన్నాయి. అక్షరాలు కూడబలుక్కుని చదివే దశలో ఉన్న పిల్లవాడికి ఇది ఇప్పుడే అక్కరకు రాదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నవాడు రెండు వాక్యాలను పక్కపక్కన ఎలా పెట్టుకోగలడు? వాడికి ముందు ధారాళంగా చదవడం రావాలి. మాటలన్నీ విడివిడిగా తెలిసినా, ఆ విషయమే బొత్తిగా తెలియని చోట కూడా ఇది పెద్దగా పనిచేయదు. చీట్ల పాటల గురించి ఎన్నడూ వినని పిల్లలకు చిట్ ఫండ్ లెక్క ఉన్న పేరా ఇస్తే ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి చదివినా అర్థం కాదు, ముందు ఎవరో చిట్టీ ఎలా నడుస్తుందో చెప్పాలి. వెనక్కి వెళ్లినా దొరకనిది, ముందుకు వెళ్లినా దొరకనిది అయితే అది అడగాల్సిన ప్రశ్న అని పిల్లలు తెలుసుకోవడం కూడా ఈ శిక్షణలో భాగమే.

కొన్నిసార్లు తప్పు పుస్తకానిదే అవుతుంది. అచ్చులో ఒక పంక్తి జారిపోవచ్చు, అనువాదంలో ఒక కారణం ఎగిరిపోవచ్చు, రాసినవాళ్లే మధ్య మెట్టు మరిచిపోయి ఉండవచ్చు. మన సరస్సు పేరాలో జరిగింది అదే. నీరు తేలికై పైకి వస్తుందన్న ఒక్క వాక్యం ఉంటే సగం చిక్కు ఉండేది కాదు. పిల్లలు మొదట తమ చదువునే అనుమానించాలి, వెనక్కి వెళ్లాలి, ఊహ మార్చి చూడాలి. అవన్నీ చేశాక కూడా వాక్యాలు అతకకపోతే, 'ఇక్కడ ఒక మాట తక్కువైంది' అని చెప్పే హక్కు వాళ్లకుంది. ఆ తక్కువైన వాక్యాన్ని పిల్లల చేతే రాయించి, నాలుగో వాక్యానికి ముందు పేరా అంచున పెన్సిలుతో చేర్పించవచ్చు.